పెట్టుడు మందు

మా ఇంటాయన అంతయ్య గొంతుల మొదలు అడ్డం పడ్డది మా యారాలు, మరిది పెండ్లాం యాదవ్వ వండిన యాట కూర ముక్క. గందుకే తప్పంతా దాని మీదనే ఏసిన. దుబాయి నుంచి మా మరిది రేడియో పంపినకాంచి దాని కండ్లు నెత్తికెక్కినయని నాకు ముందే మంట.

ఆ ముక్క నీళ్లు తాగితే దిగింది. నెలకు జొన్నరొట్టె అడ్డం పడ్డది. రొమ్ము బొక్క ఎనుక ఏదో నిలబడ్డట్టున్నదనేటోడు. రొట్టెను చారుల నానబెట్టుకొని తినుడు మొదలుపెట్టిండు. మెత్తటి బువ్వ అడుగుడు, సగం తిని లేసుడు. అంగీ భుజాల మీంచి జారుతుంటే గప్పుడు నాకు గుండెల రాయి పడ్డది. యాదవ్వ ఇంటి ముంగటికి పోయి ఒర్రిన.

"కూరల ఏం మందు పెట్టినవే? మగని తోడబుట్టినోడని గూడ సూడవైతివి!"

"అక్కా, నా పిల్లల మీద ఒట్టు, ఏం పెట్టలే" అని అది ఏడ్సింది. నేనింటనా?

కొండగట్టు దాటినంక ఒక ఊర్లె పెట్టుడు మందు కక్కిచ్చేటాయన ఉన్నడంటే తీస్కపోయిన. పసరు తాపి కక్కిచ్చి, గడ్డకట్టిన ఎంటికలు సూపెట్టిండు. "ఇగో, గిదే" అన్నడు. మూడు మాట్ల పోయినం, మూడు నెలలు పోయినయి. నాలుగో మాటు ఇంట్లనే కక్కితే నెత్తురు పడ్డది. మెట్‌పల్లి నుంచి జీపు తెచ్చింది ఎవలనుకున్నరు? యాదవ్వనే.

కరీంనగర్‌ల డాక్టరు తెల్లటి మందు తాపి ఎక్స్‌రే తీపిచ్చిండు. ఆహార గొట్టం నడుమ ఎలుక కొరికినట్టు సన్నగైంది. కెమెరా పైపు లోపటికేసి చిన్న ముక్క తీసిండ్రు. వారానికి కాయితం వచ్చింది. క్యాన్సరు.

"బీడీలు ఎన్నేండ్ల సంది?" అని అడిగిండు డాక్టరు.

"ముప్పై ఏండ్లు, సారు. దినాం రెండు కట్టలు" అన్నడు మా ఆయన.

"ముద్ద అడ్డం పడ్డ రోజే రావాలె. పొగ తాగేటోళ్లకు గది మొదటి గుర్తు. గప్పుడు నొప్పి గూడ ఉండది, గందుకే ఎవ్వలు రారు. ఇన్ని నెలలు ఏం చేసిండ్రు?"

యాదవ్వ పక్కనే ఉన్నది, నేను ఒర్రింది, పసరు తాపిచ్చింది చెప్పలే. ఒక్క మాటంటే సచ్చిపోదును.

హైదరాబాద్ క్యాన్సర్ దవాఖానల సంగతి చెప్పిండ్రు. రోగం గొట్టంలనే ఉన్నదా, గోడ దాటిందా, కాలేజంకు, గదే లివరుకు, ఊపిరితిత్తులకు పాకిందా చూడాలె. పాకితే ఆపరేషన్ ఉండది. గంజి దిగేటందుకు లోపట గొట్టం పెడ్తరు, రేడియేషన్ కరెంటు పెడ్తరు, గంతే. పాకకపోతే బతికిచ్చుకునే తొవ్వ ఉన్నది. సీటీ స్కాన్ తీసిండ్రు, కడుపు స్కాన్ తీసిండ్రు, శ్వాసగొట్టంల గూడ పైపేసి చూసిండ్రు. ఫలితానికి రెండు దినాలు. ఆ రెండు దినాలు నేను పచ్చి మంచినీళ్లు ముట్టలే.

పెద్ద డాక్టరమ్మ కాయితాలు తిప్పుతుంటే ఆమె మొఖమే చూసుకుంట నిలబడ్డ.

"కాలేజం బాగుంది. ఊపిరితిత్తులు బాగున్నయ్. శ్వాసగొట్టంకు తగల్లే. గోడ మాత్రం దాటింది, పక్కన ఒక గడ్డ ఉబ్బింది. ముందుగాల ఐదు వారాలు కరెంటు, దాంతోని సూది మందులు. ముక్కుల నుంచి సన్న పైపేసి పాలు, జావ పోస్తం, బలం రావాలె. మళ్ల స్కాన్ తీసి, తగ్గితే గొట్టం ఆ ముక్క కోసేసి కడుపును మీదికి గుంజి కలుపుతం. పెద్ద ఆపరేషన్. మాట ఇయ్యలేను అమ్మా. మూడు నెలల కింద వస్తే ఇంకింత నమ్మకంగ చెప్తుంటి. ఒక్క బీడీ ముట్టినా ఆపరేషన్ల ఊపిరి తట్టుకోదు."

బయట బెంచీ మీద, మాతోని వచ్చిన యాదవ్వ పక్కన కూసున్నంక మా ఆయన నా నడుం సంచి దిక్కు చెయ్యి చాపిండు. "ఒక్కటే, జర. ఆఖరుది."

సంచిల కట్ట ఉన్నది. నేను చుట్టినదే. బీడీ కార్ఖానకు దినాం వెయ్యి చుట్టుకుంట, మంచి తునికాకు ఏరి, తంబాకు జర దట్టంగ నింపి ఆయన కోసమని పక్కకు పెట్టేదాన్ని. ముప్పై ఏండ్లు పెట్టిన. ప్రేమనే అనుకున్న!

కట్ట తీసి యాదవ్వ చేతుల పెట్టిన. నా చేతి ఏళ్లు చూసిన, తంబాకుతోని పచ్చగ మారినయ్.

"యాదవ్వా, కూరల నువ్వేం పెట్టలే. మందు పెట్టింది నేనే" అన్న.

అది కట్టను కొంగుల ముడేసుకొని, నా ఎనుక నిలబడి ఆయనను చూసింది.

"లే బావా, కరెంటు దగ్గర పేరు పిలుస్తుండ్రు" అన్నది.