కొట్టేసిన ఐదు మార్కులు

పద్మనాభయ్యకు ఏడేళ్ళుగా ఒక సందేహం ఉంది. దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. పొద్దున పూజకు కూర్చుని గంట వాయించేటప్పుడు కూడా అప్పుడప్పుడు అది గుర్తొచ్చి, చదువుతున్న నామం మధ్యలో ఆగిపోయేది. మళ్ళీ మొదటి నుంచి చదువుకునేవాడు.

ఆయన సముద్రానికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న బోర్డు హైస్కూల్లో లెక్కల మేష్టారు. ఏడేళ్ళ కిందట సెలక్షన్ పరీక్ష పెట్టారు. అందులో గట్టెక్కినవాళ్ళనే ఎస్సెల్సీ పబ్లిక్ పరీక్షకు పంపేవారు. నూట ముప్పై పేపర్లు, రెండు రోజుల గడువు. ఎడమ చేతి కింద జవాబుల కాగితం, కుడి చేతిలో ఎర్రసిరా కలం. చివరి పంక్తి చూడటం, కలిస్తే మార్కులు వేయడం, కలవకపోతే కొట్టేయడం. తొందరలో అందరూ అలాగే దిద్దేవారు. ఆయనా అలాగే దిద్దాడు.

పేపర్లు తిరిగి ఇచ్చిన రోజున ముత్యాలయ్య అనే కుర్రవాడు బల్ల దగ్గరికి వచ్చాడు. సముద్రపుటొడ్డు పాలెంలో చేపలు పట్టేవాళ్ళ ఇంటినుంచి హైస్కూలు దాకా వచ్చిన మొదటివాడు వాడే. "సార్, దీంట్లో తప్పు యాడుండాది?" అని, కొట్టేసిన నాలుగో లెక్క చూపించి అడిగాడు. "పుస్తకంలో ఉన్న జవాబు నీకు రాలేదు గదా, ఇంకేం చూడాల?" అని పద్మనాభయ్య తలెత్తకుండా అన్నాడు. వాడికి వచ్చినవి ముప్పై ఒకటి. కావలసినవి ముప్పై అయిదు. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు.

ఆ లెక్కను తాను అసలు చదివాడా? అదే ఆ సందేహం. పేపరు వాడితోనే వెళ్ళిపోయింది కాబట్టి తేల్చుకునే దారి లేకపోయింది.

వెయ్యిన్ని తొమ్మిదివందల అరవై రెండు అక్టోబరులో ఒక ఉత్తరం వచ్చింది. నెల్లూరు హాస్టలు నుంచి నాగులమ్మ రాసింది. ముత్యాలయ్య చెల్లెలు. ఎనిమిదో తరగతి దాకా పద్మనాభయ్య దగ్గరే చదివి, ఇప్పుడు నెల్లూరులో పదో తరగతి చదువుతోంది.

"పూజ్యులైన మేష్టారు గారికి నమస్కారాలు. దసరా సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అన్న పెట్టెలో మీరు దిద్దిన పాత పేపరు దొరికింది. నాలుగడుగుల చదరం మీద, అదే కొలతతో సమబాహు త్రిభుజం నిలబెట్టారు. చదరం కింది మూల నుంచి త్రిభుజం కొన దాకా దూరమెంత? ఇదీ లెక్క. మా పుస్తకంలోనూ ఉంది. పుస్తకం చూపిన దారిలో నేను చేస్తే 2√6 + 2√2 వచ్చింది. అన్న వేరే దారిలో చేసి √(32 + 16√3) అని రాశాడు. మీరు కొట్టేశారు. మూడు రోజులు వెతికాను, అన్న చేసిన దాంట్లో నాకు తప్పు కనిపించలేదు. రెండు దారులూ సరైనవే అయితే జవాబులు వేరుగా ఎందుకు ఉన్నాయి? దశాంశాల్లోకి మార్చి చూశాను. ఒకటి 7.726, ఇంకొకటి 7.727 వచ్చింది. ఆ వెయ్యో వంతు తేడా నిజంగా ఉన్నదేనా?

ఇంకో మాట. మా పాలెం సొసైటీకి సెక్రటరీ కావాలట. ఎస్సెల్సీ ప్యాసయి ఉండాలట. ప్రైవేటుగా పరీక్షకు కట్టమని అన్నను అడిగితే, లెక్కలు నాకు రావని సారే ఎర్రసిరాతో రాసిచ్చారు అంటాడు. ఫారానికి ఈ నెలాఖరే గడువు. అన్న చేసింది తప్పే అయితే మీరు చెప్పండి, ఇక నేను అడగను. పేపరు ఇందులో పెట్టాను."

పద్మనాభయ్య పేపరు విప్పాడు. మడతల దగ్గర పసుపెక్కిన కాగితం. నాలుగో లెక్క మీద తన చేతి అడ్డగీత, పక్కన సున్నా.

బయట ముసురు పట్టింది. వరండాలో కూర్చుని పలక మీద బొమ్మ గీశాడు. కింద చదరం, పైన త్రిభుజం, పూరింటి గోడలాగా ఉంది. భార్య ఆదిశేషమ్మ చేటలో బియ్యం ఏరుతూ చూసింది.

"ఆదివారం పూట పలక పట్టుకున్నారేంది? ఎవురికి ప్రైవేటు?"

"నాకే."

"నయం. ఇన్నాళ్ళకి మంచి శిష్యుడు దొరికినాడు మీకు."

ఆయన నవ్వలేదు. ముత్యాలయ్య దారిలో నడిచాడు. త్రిభుజం కొన నుంచి నిట్టనిలువుగా కిందికి గీత దించాడు వాడు. అది చదరం అడుగున సరిగ్గా నడిమధ్య పడుతుంది. మూల నుంచి అక్కడికి రెండడుగులు. ఎత్తు, చదరానిది నాలుగు, త్రిభుజానిది 2√3. ఆ మొత్తం ఎత్తు వర్గానికి రెండడుగుల వర్గం కలిపి, వర్గమూలం. ప్రతి మెట్టూ గట్టిగా ఉంది. ఎక్కడా కాలు జారలేదు.

తర్వాత పుస్తకం దారి. కింది మూల నుంచి ఎదుటి పై మూలకు కర్ణం గీయాలి. ఆ పై మూల నుంచి, మనకు కావలసిన గీత మీదికి లంబం దించాలి. గీత రెండు ముక్కలవుతుంది. ఒకటి 2√6, ఇంకొకటి 2√2. ఇదీ గట్టిదే.

రెండూ ఒకే గీతను కొలిచాయి. గీత ఒక్కటే అయినప్పుడు పొడవు రెండెలా అవుతుంది? దేవుడికి వెయ్యి పేర్లు పెట్టి పిలిచే తాను, ఒక పొడవుకు రెండు రూపాలుంటే ఎందుకు ఒప్పుకోలేకపోయాడు? 2√6 + 2√2 ను వర్గం చేశాడు. ఇరవై నాలుగు, ఎనిమిది, నడిమి పదం 8√12. అంటే 16√3. మొత్తం 32 + 16√3. వాడి వర్గమూలం కింద ఉన్నది సరిగ్గా అదే.

సుద్దముక్క పక్కన పెట్టి, పేపరు మీది సున్నాను వేలితో తడిమాడు.

"ఏమైంది?" అంది ఆదిశేషమ్మ.

"ఒకడికి అయిదు మార్కులు బాకీ పడినా. ఏడేళ్ళుగా."

"ఉత్తరం రాసేస్తే పోదా?"

"మార్కులు పోస్టులో వేస్తారా ఎవురైనా? నేనే పోవాల."

ఆమె లోపలికి వెళ్ళి గొడుగు, ఎర్రసిరా బుడ్డీ తెచ్చి ముందు పెట్టింది. "బుడ్డి మూత గట్టిగా బిగించుకోండి. పంచె ఎర్రగా చేసుకొస్తే ఉతికేది నేను," అంది.

కాలువ దాకా నడిచి, పడవలో దాటి, ఇసుకలో అరమైలు నడిస్తే పాలెం. తుపాను గాలికి ఎవరూ వేటకు పోలేదు. ముత్యాలయ్య ఇంకో నలుగురితో కలిసి తాటాకు చావడిలో వల బాగుచేసుకుంటున్నాడు. ఇరవై అయిదేళ్ళ మనిషి, భుజాలు వెడల్పయ్యాయి. మేష్టారిని చూసి లేచి నిలబడ్డాడు గాని ముఖంలో నవ్వు లేదు.

"రండి సార్. ఈ వానలో ఇంత దూరం... మా నాగి ఏమన్నా రాసిందా? దానికి ఊరుకోమని చెప్పినా, వినదు."

"రాసింది. నీ పేపరు పంపింది."

"నా పేపరా! దొంగపిల్ల." పక్కనున్న వాళ్ళు నవ్వారు. ముత్యాలయ్య మాత్రం వల వైపు చూశాడు. "దాని గురించి ఇప్పుడెందుకులెండి సార్. అదెప్పుడో మునిగిన పడవ."

"మునగలా. ఒక మోకు, అడుగుల బద్ద ఉంటే తీసుకురా."

చావడిలో తడి ఇసుక మీద నాలుగడుగుల చదరం గీశారు. దాని మీద, మూడు పక్కలా నాలుగేసి అడుగులు వచ్చేలా త్రిభుజం. ముత్యాలయ్య కింది మూల నుంచి కొనకు మోకు లాగి బద్దతో కొలిచాడు.

"ఏడడుగుల ఎనిమిదంగుళాలు, పైన ముప్పావు," అన్నాడు. తర్వాత మెల్లగా, "అది నాకు తెలుసు సార్. పేపరిచ్చిన సాయంత్రం ఇక్కడే గీసి కొలిచినా. నా జవాబూ అదే, పుస్తకం జవాబూ అదే. రెండూ సరైనవే అనుకున్నా. మరి మీరు కొట్టేస్తిరి. అయితే సరైనదంటే ఏందో కూడా నాకు తెలియదు గామాలనుకున్నా," అన్నాడు.

పద్మనాభయ్య వాడి ముఖంలోకి చూశాడు. అందరికీ వినిపించేలా అన్నాడు. "నీకు తెలిసింది. నేనే చివరి పంక్తి తప్ప చూడలా. తప్పు నాది."

వల మీద వంగినవాళ్ళు తలలెత్తారు. మేష్టారు అలాంటి మాట అనడం వాళ్ళెవరూ వినలేదు.

"అయితే మీ చెల్లెలికి ఇంకా అనుమానం ఉంది. వెయ్యో వంతు తేడా వస్తుండాదని. మోకుతో అది తేలదు."

"తేలదు సార్. మోకు తడిస్తే ఇంకో రకంగా కొలుస్తాది."

"దశాంశాలూ అంతే. √6, √2 లను మూడు అంకెల దగ్గర తెంపింది ఆ పిల్ల. తెంపిన తోకలు పోగై వెయ్యో వంతయింది. దగ్గరగా ఉండటం వేరు, ఒకటే కావటం వేరు. ఒకటే అని ఎట్టా తేలుస్తావు?"

ముత్యాలయ్య పక్కన ఇసుకను కాలితో చదును చేశాడు. వానజల్లు చావడి అంచు దాకా వచ్చి తగ్గింది. వాడు వంగి పుల్లతో పుస్తకం జవాబును వర్గం చేయడం మొదలుపెట్టాడు. ఏడేళ్ళ తర్వాత కూడా చెయ్యి తడబడలేదు. ఇరవై నాలుగు, ఎనిమిది, 8√12. అక్కడ ఒక్క క్షణం ఆగి, పన్నెండును నాలుగు మూళ్ళుగా విడగొట్టాడు. 32 + 16√3.

"అబ్బా!" అన్నాడు. "లోపల ఉండేది ఇదేనా!" ఈసారి నవ్వాడు. "సముద్రంలో చేపలు చేరే రాతిపారు, నీళ్ళ కింది రాళ్ళగుట్ట, ఉండే చోటుకి మా నాయన తాటితోపు గుర్తు పెట్టుకుంటాడు, మా మామ గుడి కొన గుర్తు పెట్టుకుంటాడు. ఇద్దరి పడవలూ ఒకే చోట లంగరేస్తాయి. ఒడ్డుకొచ్చి మాత్రం నీ గుర్తు తప్పంటే నీ గుర్తు తప్పని కొట్లాడతారు."

"అట్టా కొట్లాడిన మామనే నేను," అన్నాడు పద్మనాభయ్య. ఈసారి అందరూ నవ్వారు.

మేష్టారు బల్లచెక్క మీద పేపరు పరిచి, సిరా బుడ్డి మూత తీశాడు. ముత్యాలయ్య గాలి తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పద్మనాభయ్య నాలుగో లెక్కను మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా పెదవులు కదుపుతూ చదివాడు. సున్నాను కొట్టేసి అయిదు వేశాడు. పైన ముప్పై ఒకటిని కొట్టేసి ముప్పై ఆరు వేశాడు. పక్కన పొట్టిగా సంతకం, ఆనాటి తేదీ.

"ఏడేళ్ళకి వడ్డీ లేదా సార్?" అన్నాడు ముత్యాలయ్య.

"ఉంది. బడి కాగితాల్లోంచి ప్రైవేటు పరీక్ష ఫారం తెచ్చినా. చెయ్యి కడుక్కోనొచ్చి నింపు. హెడ్మాస్టరు చేత రేపు నేనే సంతకం పెట్టిస్తా. నాగులమ్మ ఉత్తరానికి జవాబు కూడా నువ్వే రాయాల. అడిగింది నీ లెక్క గురించి గదా."

ముత్యాలయ్య చేతులు కడుక్కోవడానికి లేవబోయి మళ్ళీ వంగాడు. ఎర్రసిరా ఇంకా తడిగా ఉంది. అది చెదిరిపోకుండా, కాగితం మీద మెల్లగా ఊదాడు.