దక్షిణం వైపు వత్తి

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో, మేడ మీది గదిలో నవ్యశ్రీ, సందీప్ దంపతులు వీడియోలు తీసేవాళ్లు. సందీప్‌ది పెళ్లిళ్లకు ఫోటోలు తీసే పని. ముహూర్తాలు లేని నెలల్లో ఊరికే కూర్చోవడమెందుకని యూట్యూబులో ఛానల్ పెట్టాడు. స్క్రిప్టు రాయడం, కెమెరా ముందు కూర్చొని చెప్పడం నవ్యశ్రీ వంతు. ఆమె గొంతు మెత్తగా, నమ్మకంగా ఉంటుంది. చెప్పేది వింటుంటే ఇంట్లో పెద్దక్క పక్కన కూర్చొని నేర్పుతున్నట్టు ఉంటుంది.

కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు ఇంట్లో పూజ ఎలా చేసుకోవాలో తెలియడం లేదని, దాని మీద చిన్న వీడియో చేద్దామని ఆమే అనుకుంది. తప్పు చెప్పకూడదని శివాలయం పంతులు పెంచల నరసింహ శర్మగారి దగ్గరికి వెళ్లి అడిగి రాసుకుంది. ముందు చోటు తుడిచి ముగ్గు పెట్టాలి. పసుపు, కుంకుమ, గంధం, విరగని బియ్యంతో కలిపిన అక్షతలు, పువ్వులు, వత్తులు, నూనె, అగరొత్తులు, కర్పూరం, గంట, చెంబుతో నీళ్లు, తమలపాకులు, వక్కలు, పండో బెల్లం ముక్కో అన్నీ చేతికందేట్టు పెట్టుకొనే కూర్చోవాలి. మధ్యలో లేవకూడదు. దీపం వెలిగించి, ఆచమనం చేసి, ఎవరికోసం ఏం కోరి చేస్తున్నామో సంకల్పం చెప్పుకోవాలి. పసుపు ముద్దతో చేసిన గణపతికి మొదటి పూజ. తర్వాత ఇంటి దేవుణ్ణి ఆవాహన చేసి, నీళ్లు చిలకరించి, గంధం, పువ్వులు, ధూపం, దీపం, నైవేద్యం, తాంబూలం, హారతి. ఆఖరున తెలిసీ తెలియక జరిగిన లోపాలు మన్నించమని అడగడం.

"ఆ ఆఖరుది మాత్రం వదలబాకమ్మాయ్," అన్నారు శర్మగారు. "మంత్రం రాకపోయినా, వరస తప్పినా, దాంతో సరిపోతుంది. అందుకే దాన్ని చివర పెట్టినారు."

జనం చేసే పొరపాట్లేమిటని అడిగితే కొన్ని మాటలు చెప్పారు. దీపపు కుందిని ఒట్టి నేల మీద పెట్టకూడదు, కింద పళ్లెమో ఆకో ఉండాలి. నైవేద్యం ముందే రుచి చూడకూడదు. దీపాన్ని నోటితో ఊదకూడదు. వినాయకుడికి మామూలు రోజుల్లో తులసి వేయరు. వత్తిని దక్షిణం వైపు తిప్పరు. చీర కొంగు మంటకు దూరంగా ఉంచుకోవాలి, పూజగది తెరలూ అంతే.

"దక్షిణం వైపు పెడితే ఏమవుతుంది పంతులుగారూ?"

"ఏమవుతుంది? ఏమీ కాదు. ఆచారం, అంతే. తిప్పి పెట్టుకుంటే పోతుంది."

ఆమె అలాగే రాసింది. సందీప్ చదివి పెదవి విరిచాడు.

"ఇట్టా చెప్తే ఎవురు చూస్తారు నవ్యా? ఆచారం, తిప్పుకోండి అంటే వేలుతో పైకి తోసేస్తారు. భయం ఉండాల. దక్షిణం వైపు వత్తి పెడితే ఇంటి యజమానికి ప్రాణగండం. అదీ మాట!"

"ఆయన అట్టా చెప్పలేదండీ."

"చెప్పకపోతే ఏంది? పెద్దోళ్లు అంటారు అని అను. ఏ పెద్దోళ్లు అని ఎవురడగతారు?"

ఆ మాటకు చోటు కావాలంటే వీడియో పొడుగవుతుంది. అందుకని సందీప్ చివరి మన్నింపు మాటలు కత్తిరించాడు. నవ్యశ్రీకి మనసొప్పలేదు. అయినా కూర్చొని, కెమెరా వంక చూసి, తన మెత్తటి గొంతుతో ఆ మాట అనేసింది. అంటుంటే తన ఒంట్లోనే సన్నగా వణుకు పుట్టింది. ఆ వణుకే గొంతులో పలికింది. "అదిరింది," అన్నాడు సందీప్.

వీడియో ఎక్కడెక్కడికో పోయింది. వాళ్ల ఛానల్‌లో ఏదీ అంత దూరం వెళ్లలేదు. ఆ మాట ఒక్కదాన్నీ కోసుకొని జనం వాట్సాప్‌లో పంపుకున్నారు. కింద కామెంట్లు నవ్యశ్రీ ఒక్కొక్కటే చదివేది. మా అత్త దక్షిణానికే పెట్టేది, మామ పోయినాడు అని ఒకరు. ఇన్నాళ్లూ తెలియక పెట్టినాను, ఇప్పుడు ఏం చెయ్యాల అని ఇంకొకరు. జవాబు రాద్దామని వేలు పెట్టేది. ఏం రాయాలో తోచక తీసేసేది.

ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆడమనిషి. గుసగుసగా మాట్లాడుతోంది.

"అక్కా, పూజ వీడియో అక్కేనా? వీడియో కింద నంబరు చూసి చేసినాను. నా పేరు చెంచులక్ష్మి. ఉదయగిరి పక్కన ఊరు. మా ఆయన్ని కట్లపాము కరిచినాది. నెల్లూరు ఆస్పత్రిలో ఊపిరి మిషను మీద ఉండాడు. మా అత్త నీ వీడియో చూసినాది. నేను కుందిని దక్షిణానికి పెట్టేదాన్నక్కా. వాకిట్లోంచి గాలి కొట్టి ఆరిపోతా ఉంటే తిప్పినాను. ఇప్పుడు నేనే చంపుకుంటున్నా అంటున్నారు. ఆస్పత్రికి పోనీరు. గొడ్ల కొట్టంలో ఉండాను." కాస్త ఆగింది. "నాకూ అట్టే అనిపిస్తా ఉండాదక్కా. ఆయన పోతే నేనుండి ఏం లాభం? నేను ముందే పోతే ఆయనకైనా గండం తప్పుతుందా? ఆ మాట అడుగుదామనే చేసినాను."

"తప్పు, తప్పు! ఆ మాట నిజం కాదు. మేం కల్పించిందది. విను చెంచులక్ష్మీ..."

ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్.

సందీప్ పెళ్లి షూటింగుకు కలిగిరి పోయాడు. వీడియో తీసేయమని అతనికి మెసేజ్ పెట్టి, నవ్యశ్రీ దొరికిన బస్సెక్కింది. దుత్తలూరు దాటాక చేలన్నీ ఎండి బూడిదరంగులో ఉన్నాయి. ఉదయగిరి కొండ దగ్గరవుతున్నకొద్దీ ఆకాశానికి అడ్డం పడి పైకి లేచింది. ఇంకా బతికే ఉందా అని ఒక్కటే ఆలోచన. బస్టాండులో పాము కరిచిన మనిషిది ఏ ఊరని విచారిస్తే, అది మాలకొండారెడ్డి అని ఒక ఆటో అతనికి తెలుసు. ఆ ఊళ్లో దిగి ఇల్లు ఎక్కడని అడిగితే, చెప్పినవాళ్లు ఆమె మొహం వంకే చూస్తూ నిలబడిపోయారు. ఆ మొహం వాళ్లకు తెలుసు.

అత్త వెంగమ్మ వాకిట్లోనే ఉంది. పొడుగాటి మనిషి. నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి. అరుగు మీద మామ చెంచురామయ్య, మరో ముగ్గురు చుట్టాలు.

"వచ్చినావా తల్లీ," అంది వెంగమ్మ లేచి. మొక్కబోయినంత పని చేసింది. "నువ్వు చెప్పేదాకా మాకు తెలవలా. నా కళ్ల ముందరే కోడలు దక్షిణానికి పెట్టింది, చూస్తా ఊరుకున్నా."

"పెద్దమ్మా, ఆ మాట అబద్ధం. పంతులుగారు అట్టా చెప్పలేదు. జనం చూడాలని మేమే కలిపినాం. నీ కోడలి తప్పేం లేదు."

వెంగమ్మ చేతులు కిందికి జారాయి. ఫోను తీసి వీడియో పెట్టింది. వాకిట్లో నవ్యశ్రీ గొంతే వినిపించింది. మెత్తగా, భయంగా, కల్లాకపటం ఎరగనట్టు. ఆ గొంతు ముందు తన మాటే అబద్ధంలా ఉంది.

"అప్పుడు అట్టా చెప్పినావు. ఇప్పుడు ఇట్టా చెప్తున్నావు. దాని పుట్టింటోళ్లు పంపినారా నిన్ను?"

"కాదు పెద్దమ్మా. ఒట్టు."

"అయితే పెట్టి చూపించు," అంది వెంగమ్మ. గొంతు పెంచలేదు. "నీ చేత్తో, దక్షిణానికి. నీ మొగుడి పేరు చెప్పి సంకల్పం చేసుకో. మేమందరం చూస్తాం."

కొట్టం గుమ్మంలోకి ఒక సన్నటి పిల్ల వచ్చి నిలబడింది. జుట్టు చెదిరి, పెదవులు ఎండిపోయి ఉంది. చెంచులక్ష్మి. బతికే ఉంది.

పూజగదిలో చల్లారిన కుంది అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. నవ్యశ్రీ కాళ్లూ చేతులూ కడుక్కొని కూర్చుంది. కుంది కింద పళ్లెం పెట్టింది. నూనె పోసింది. వత్తి ముక్కును దక్షిణం వైపు తిప్పింది. అగరొత్తి వెలిగించి, దాని నిప్పును వత్తి దగ్గరికి తెచ్చింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

సందీప్ బండి మీద వస్తుంటాడు. కలిగిరి రోడ్డు మీద ఇసుక లారీలు. ఇది కల్పించిన మాట, మా గదిలో, నా కళ్ల ముందు కల్పించిన మాట అని ఆమె తనకు తానే చెప్పుకుంది. చెయ్యి మాత్రం కదల్లేదు. వెనక వెంగమ్మ ఊపిరి బరువుగా వినిపించింది.

"చూసినారా," అంది ఆవిడ నెమ్మదిగా. "దానికీ భయమే."

నవ్యశ్రీ తల తిప్పింది. గుమ్మం దగ్గర చెంచులక్ష్మి ఆ ఆగిన చేతినే చూస్తోంది. చావడానికి ఇంకొక కారణం దొరికినట్టుంది ఆ చూపు. నవ్యశ్రీ కళ్లు మూసుకొని వత్తి అంటించింది. సందీప్ పేరు చెప్పింది, మాలకొండారెడ్డి పేరూ చెప్పింది. పసుపు గణపతిని పెట్టి, ఇంటి దేవుడు నరసింహస్వామికి ఉన్న పువ్వులు వేసి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టి, హారతి ఇచ్చింది. వీడియోలో లేని ఆఖరి భాగానికి వచ్చేసరికి ఏ మంత్రమూ గుర్తు రాలేదు. "తప్పు చేసినా స్వామీ, నాది తప్పు, మన్నించు," అని తెలుగులో అంది, అందరికీ వినబడేలా.

మొదట లేచింది చెంచురామయ్య. అంతవరకూ నోరు తెరవని మనిషి, "పిల్లని నెల్లూరు పంపిస్తా ఉండా. మొగుణ్ణి చూసుకోనీండి," అన్నాడు. వెంగమ్మ అడ్డం చెప్పలేదు. వంగి, వెలుగుతున్న కుందిని జాగ్రత్తగా తూర్పుకు తిప్పింది.

చెంచులక్ష్మిని వెంటబెట్టుకొని ఆటోలో ఉదయగిరి వస్తూ నవ్యశ్రీ సందీప్‌కు ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. పక్కన ఆ పిల్ల ఏమీ అడగకుండా తన చెయ్యి పట్టుకొని కూర్చుంది. నెల్లూరు బస్సు కదిలాక ఎప్పటికో సందీప్ పలికాడు.

"మేళాల మోతలో వినపళ్లా. ఏందట్టా ఏడస్తా ఉండావు?"

ఆ రాత్రే వీడియో తీసేశాడు. కానీ కోసిన ముక్క ఊళ్ల మీద తిరుగుతూనే ఉంది. దాన్ని తీయించడం ఎవరి తరమూ కాలేదు. మన్నింపు మాటలతో, శర్మగారు చెప్పింది చెప్పినట్టుగా నవ్యశ్రీ మళ్లీ వీడియో చేసింది. చూసినవాళ్లు కొద్దిమంది.

మాలకొండారెడ్డి బతికాడు. ఇంటికి వచ్చాడని చెంచులక్ష్మి ఫోను చేసి నవ్వుతూ, ఏడుస్తూ చెప్పింది. చివర్లో కొంచెం తడబడి ఇంకో మాట అంది.

"అత్త ఊరంతా చెప్తా ఉండాదక్కా. వత్తి తూర్పుకు తిప్పినాకే లేసినాడంట. చుట్టుపక్కల ఊళ్లన్నీ కుందులు తిప్పుకుంటా ఉండాయి. మా వీధి చివర నారాయణమ్మ మొగుడు మొన్న పోయినాడు. ఆమె కుంది ఎటు పెట్టేదా అని అడగతా ఉండారు."

నారాయణమ్మ ఎవరో నవ్యశ్రీకి తెలియదు.