ఎక్కడ నిలబడితే ఛాతీ దాకా

నది ఊళ్ళోకి వచ్చి పోయిన మరుసటి ఏడాది. ఇళ్ళ ప్లాన్లు గీసే పెద్దాయనకి రెండు నెలలుగా చేతిలో పని లేదు. ఒక సాయంత్రం బేకరీ ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"కొట్టుకుపోయిన ఇంటి చోటే కొత్తది కట్టుకోవాలి. స్థలం నలభై బై అరవై. ప్లాన్‌కి ఎంత తీసుకుంటారు? రేపు ఎవరో ఒకరికి ఇచ్చేస్తాను."

పెద్దాయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కాడు. "రోడ్డు ఏ వైపు? ఇంట్లో ఎంతమంది? మెట్లెక్కలేని వాళ్ళున్నారా? నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి? ఇవి తెలిస్తేనే ధర చెప్పగలను."

భార్య భుజం మీంచి చూసింది. "ఆయన అడిగింది ఒక్క ముక్క. మీరు చాటభారతం విప్పారు. బజారు వీధిలో ప్లాన్లు గీసే ఆయనైతే ఈపాటికి బయానా కూడా పుచ్చుకునుంటాడు."

"పుచ్చుకోనీ."

"ఆహా. మనం పొయ్యి మీద ఈ ప్రశ్నలే ఉడకేసుకుందాం."

వరదకి ముందు పెద్దాయన ఒక ఇల్లు ఏమీ అడక్కుండా గీసిచ్చాడు. పడకగది కిందే పెట్టాడు. నీళ్ళు తీశాక ఆ గదిలోంచి ఒక ముసలామె శవాన్ని మోసుకొచ్చారు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచి అన్నీ అడక్కుండా గీత గీయడు.

జవాబు వచ్చింది. "రోడ్డు తూర్పు. ఉండేది నేను, మా అమ్మ. అమ్మకి కాళ్ళు పనిచేయవు, చక్రాల కుర్చీ. నీళ్ళు నా ఛాతీ దాకా. ఇంక ధర చెప్పండి."

"చెప్పేయండి, మీ పుణ్యముంటుంది," అంది భార్య.

ఆయన మళ్ళీ నొక్కాడు. "ఎక్కడ నిలబడితే ఛాతీ దాకా? రోడ్డు మీదా, ఇంట్లోనా?"

భార్య నుదురు కొట్టుకుని లోపలికి పోయింది. చాలాసేపు ఏమీ రాలేదు. పని పోయిందనే అనుకున్నాడు. అప్పుడు వచ్చింది.

"మంచం మీద. అమ్మ నా భుజం మీదుంది. ఇంతవరకూ ఈ మాట నన్నెవరూ అడగలేదు."

ఫోన్ పట్టుకుని వెళ్ళి భార్యకి చూపించాడు. ఆమె రెండుసార్లు చదివి స్టవ్ కట్టేసింది.

ఆయన కాగితం తీశాడు. ఛాతీ నాలుగడుగులు, మంచం అడుగున్నర, రోడ్డు మీంచి గచ్చు ఇంకో అడుగున్నర. ఏడడుగులు. ఇల్లు స్తంభాల మీద లేవాలి. కుర్చీ ఎక్కే వాలు దారికి అడుగు లేవాలంటే పన్నెండడుగులు సాగాలి. ఎనభై నాలుగడుగుల దారి, మూడు మడతలు పెడితే ఆ స్థలంలో పడుతుంది. కానీ గచ్చు అడుగున్నర అన్నది ఆయన అంచనా. అంచనా మీద ధర చెప్పబుద్ధి కాలేదు. "రేపు వచ్చి కొలిచి చెబుతాను," అని పంపాడు.

"రండి. అంతవరకూ ఎవరికీ ఇవ్వను," అని వచ్చింది.

తెల్లారాక టేపూ, మట్టం చూసే నీళ్ళు నింపిన గొట్టమూ పట్టుకుని వెళ్ళాడు. పక్కింటి గోడ మీద వరద నీళ్ళు నిలిచిన బురద చార ఇంకా ఉంది. గొట్టం ఒక కొస బేకరీ ఆయన చార దగ్గర పట్టుకున్నాడు, రెండోది పెద్దాయన రోడ్డు మీద పట్టుకుని, అందులో నీళ్ళు నిలిచిన ఎత్తు టేపుతో కొలిచాడు. ఏడడుగుల నాలుగంగుళాలు. అది రాసుకుని, ధర చెప్పాడు.