పన్నెండో నంబరు కార్డు

మంచాన పడ్డవాళ్లకు ఇంటికెళ్లి సేవ చేసే నర్సమ్మ, తెలిసిన ఇళ్లకు, ఇంటికో నంబరు వేసిన కార్డుల కట్టలు పంచింది. కార్డు తెచ్చిన కొత్తవాళ్లకు మొదటి వారం పూర్తయితే, పంపినవాళ్లకు ఒకరోజు సేవ ఉచితం. పన్నెండో నంబరు మీద ఏకంగా ఐదుగురు వచ్చి, వారం పూర్తి చేశారు. సంబరంగా ఆ ఇంటికి పరిగెత్తింది.

"అక్కా, మీకు ఐదు రోజులు ఉచితం!"

ఆవిడ ఖాళీ మంచం వైపు చూసింది. నర్సమ్మ నాలుక కరుచుకుంది. పోయిన నెల ఆ మంచం మీదే ఆవిడ తల్లి పోతే, కళ్లు మూసింది తన చేతులతోనే. నంబరు చూసింది గానీ ఇల్లు గుర్తు చేసుకోలేదు, పాడు బుర్ర!

"ఆ రోజులు కొత్తగా వచ్చినవాళ్లకే ఇవ్వమ్మా. మొదటిరోజు వాళ్లెంత బెదిరిపోతారో నాకు తెలుసు."

"మరి మీకో?"

"కార్డు ఇచ్చేటప్పుడల్లా మా అమ్మ గురించి రెండు మాటలు చెప్పుకుంటున్నాగా. ఇంకో పది కార్డులుంటే ఇవ్వు."