చదువు అడగని దరఖాస్తు

మా కోడలు డ్యూటీ దిగి, పెద్ద డాక్టరు గారి సంతకం పడిన అనుభవం సర్టిఫికెట్టు పట్టుకుని పరుగున వచ్చేసరికి మూడున్నర. దరఖాస్తు గడువు ఐదింటికి. ఆ సంతకం కోసం వారం రోజులుగా తిరుగుతూనే ఉంది. ఎనిమిదేళ్లుగా ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో తాత్కాలిక ఉద్యోగం. ఇప్పుడు శాశ్వతమైన పోస్టులు పడ్డాయి. మళ్లీ పడేనాటికి ఆమెకు వయసు దాటిపోతుంది. అందుకే మా వాడు ఊళ్లో లేకపోయినా నన్ను తోడు రమ్మంది.

మా వీధి చివర ఫారాలు నింపిపెట్టే దుకాణం ఉంది. నడిపే ఆవిడను అందరూ ఫారాలక్క అంటారు. అసలు పేరు అడిగిన గుర్తు నాకైతే లేదు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడ మీద ఫోటోల కొలతల పట్టిక. మమ్మల్ని చూడగానే స్టూలు మీది కాగితాల కట్ట తీసి నాకు చోటిచ్చింది. అంత హడావిడిలోనూ నా మోకాళ్ల సంగతి ఆవిడకు గుర్తుంది.

"ఇప్పుడా రావడం? ముహూర్తం చూసుకుని వచ్చారా ఏంటి బాబాయ్ గారూ?"

"సంతకం ఇప్పుడే దొరికిందమ్మా."

"సరే, పది నిమిషాల పని. పొద్దున కుట్టుపనావిడ కూతురికి ఇదే ఫారం చిటికెలో చేసేశాను."

ఫారాలక్కకు ఒక పద్ధతి ఉంది. ఏ శాఖ చిరునామా అయినా మొదటిసారి వాడినప్పుడే కంప్యూటర్లో దాచి పెట్టుకుంటుంది. కానీ ఈ ఏడు వైద్యశాఖ సైటు మారింది. దాచుకున్నది నొక్కితే తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. పొద్దున కూడా రాలేదట. అందుకే శాఖ పేరు కొట్టి వెతికి, అన్నిటికన్నా పైన వచ్చినదాన్ని నొక్కింది. ఇప్పుడూ అంతే చేసింది.

పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. పైన రాజముద్రలాంటి బొమ్మ, కింద ఎర్రని అంకెల్లో తరిగిపోతున్న సమయం. 'ఇంకా పద్నాలుగు నిమిషాలే. ముందుగా పన్నెండు వందలు చెల్లించి మీ స్థానం ఖాయం చేసుకోండి.'

నేను గోడ గడియారం చూశాను. "ఐదింటి దాకా ఉందనుకున్నామే!"

"అందుకే గబగబా కానివ్వాలి. కార్డు ఇటివ్వమ్మా, ఫోను దగ్గర పెట్టుకో, ఓటీపీ వస్తుంది," అంది ఫారాలక్క, చెయ్యి చాపి.

కోడలు పర్సులోంచి కార్డు తీసింది. తీసి, ఇవ్వకుండా తెరకేసి చూస్తూ ఉండిపోయింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఒక్కో గడీ చదువుకుంటోంది: పేరు, గుర్తింపు కార్డుకు రెండు వైపులా ఫోటో, బ్యాంకు ఖాతా నంబరు, ఖాతాలో నిల్వ, కార్డు మీది అంకెలు, దాని వెనక మూడంకెలు, పిన్ను.

"అక్కా, నా చదువేంటో అడగలేదేంటి?"

"ఏంటి?"

"ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం కదా. నేనేం చదివానో అడగలేదు. ఖాతాలో ఎంతుందో అడిగాడు. అదెందుకు వీడికి?"

"తర్వాత పేజీలో అడుగుతాడేమోలేమ్మా! టైము చూడు, తొమ్మిది నిమిషాలుంది."

"తొందరపడమ్మా," అన్నాను నేను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కోడలు కార్డు మళ్లీ పర్సులో పెట్టేసింది. "మావయ్యా, మేం సూది గుచ్చేముందు చీటీ మీది పేరు, మనిషి పేరు, సీసా మీది పేరు, మూడూ చూస్తాం. ఎంత క్యూ ఉన్నా సరే. గుచ్చాక చూస్తే ఏం లాభం? నోటిఫికేషన్ కాగితం ఇవ్వండి."

నా సంచీలో నాలుగు మడతలుగా ఉంది. విప్పి ఇచ్చాను. ఆమె వేలు పెట్టి చదివింది. నమోదుకు రుసుము లేదు. మొబైల్ నంబరు, మెయిలు ఇస్తే చాలు. ఆ తర్వాత చదువు, అనుభవం, సర్టిఫికెట్లు. అన్నీ నింపాక చివర్లో ఐదు వందలు. కార్డు పిన్ను మాటే లేదు.

ఫారాలక్క ముఖం ఎర్రబడింది. "నేను పదేళ్లుగా ఇదే పని చేస్తున్నానమ్మా. పైన తాళం బొమ్మ ఉంది, చూడు. దొంగ సైటుకు తాళం ఉంటుందా?"

"ఉంటుందక్కా. మనం పంపింది దారిలో ఇంకొకడు చూడకుండా ఉండటానికే ఆ తాళం. అవతల ఉన్నవాడు ఎవడో అది చెప్పదు."

తెర మీద అంకెలు సున్నాకి చేరాయి. మరుక్షణం మళ్లీ పద్నాలుగు నిమిషాల నుంచి మొదలయ్యాయి.

ఫారాలక్క మెల్లగా వెనక్కి వెళ్లి, ఇందాక నొక్కిన వరుసను చూసింది. పక్కన సన్నని అక్షరాల్లో 'ప్రకటన' అని ఉంది. డబ్బు కట్టి పైకి తెచ్చుకున్న వరుస అది.

నేను కాగితం అడుగున ఉన్న సహాయ నంబరుకు ఫోను చేశాను. రెండుసార్లు బిజీ. మూడోసారి ఒకాయన ఎత్తాడు, విసుగ్గానే. "నమోదుకి మేం పైసా తీసుకోమండీ. వెతక్కండి. కాగితంలో ఉన్న చిరునామా చూసి, ఉన్నది ఉన్నట్టు కొట్టండి. ఈ రోజు మీరు తొమ్మిదోవారు." పెట్టేయబోతూ ఆగి, "సైటు నెమ్మదిగా ఉంటుంది, భయపడకండి, మూసేయకండి," అన్నాడు. ఆయన ఆ ఒక్క మాట చెప్పకపోతే మేం మధ్యలో వదిలేసేవాళ్లమే.

నాలుగూ పది. కాగితం చూసి నేను చదువుతుంటే కోడలే టైపు చేసింది. ఫారాలక్క కీబోర్డు అప్పటికే ఆమె వైపు జరిపేసింది. తెల్లని తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

"పొద్దున ఆ పిల్ల పిన్ను కూడా కొట్టింది," అంది ఫారాలక్క, ఎవరితోనో అన్నట్టు. "నేనే కొట్టమన్నాను."

"ఫోన్ చెయ్యక్కా. ఇప్పుడే చెయ్యి," అంది కోడలు తెర మీంచి కళ్లు తీయకుండా.

"ఏమని చెప్పనే?"

"ముందు కార్డు ఆపమను. తర్వాత కాగితాలు తీసుకుని రమ్మను. తిట్లు తర్వాత తినొచ్చు."

ఫారాలక్క ఫోను తీసి బయట మెట్టు మీద కూర్చుంది. ఆవిడ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. "అమ్మాయ్, బ్యాంకు నంబరుకు ఇప్పుడే ఫోన్ చేసి కార్డు ఆపించు. నీ కార్డు వెనకే ఉంటుంది నంబరు. పొద్దున మనం నింపింది అసలుది కాదు. అవును... తప్పు నాదే. ఏడవకు, ముందు ఫోన్ చెయ్యి, ఆపైన కాగితాలు పట్టుకుని పరిగెత్తి రా."

పేజీ వచ్చింది. రంగుల్లేవు, గడియారం లేదు. మొబైల్ నంబరు, మెయిలు ఇవ్వగానే అడిగిన మొదటి సంగతే విద్యార్హత. కోడలు సన్నగా నవ్వి నింపడం మొదలుపెట్టింది. ఫోటో సైజు ఎక్కువైందని సైటు రెండుసార్లు వెనక్కి కొట్టింది. రుసుము దగ్గర చక్రం మళ్లీ ఆగిపోయింది. నేను కూర్చోలేక లేచి నిలబడ్డాను. నాలుగూ ముప్పై ఆరుకు దరఖాస్తు నంబరు పడింది.

ప్రింటు అందుకుంటుండగానే కుట్టుపనావిడ కూతురు వచ్చింది. మెడలో కొలతల టేపు ఇంకా అలాగే ఉంది. కార్డు ఆపించానంది. కానీ అప్పటికే రెండుసార్లు డబ్బు పోయింది. ఫారాలక్కను తిట్టడానికి నోరు తెరిచి, గోడ గడియారం చూసి మూసుకుంది.

మా కోడలు కుర్చీలోంచి లేవలేదు. "పేజీ తెరిచే ఉంది. నీ పదో తరగతి హాల్‌టికెట్టు నంబరు చెప్పు," అంది. ఇల్లు, ఆకలి, ఏదీ గుర్తున్నట్టు లేదు ఆమెకు. నేను కాగితం చదువుతూనే ఉన్నాను. రుసుము ఫారాలక్క తన కార్డుతో కట్టింది. నాలుగూ యాభై ఏడుకు ఆ పిల్ల దరఖాస్తు నంబరు కూడా వచ్చింది. ఐదు కాగానే 'గడువు ముగిసింది' అన్న ఒక్క వాక్యం మిగిలింది.

అప్పుడు ఫారాలక్క ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"సైబర్ పోలీసులకు కంప్లైంటు ఇవ్వాలి బాబాయ్ గారూ. ఈ పిల్ల పేరు మీద. నా దుకాణంలోనే జరిగిందని ఎలా రాయాలి?"

ఆ పిల్ల తలెత్తి ఆవిడ వంక చూసింది.

"ఏ టైముకి నొక్కారో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి," అన్నాను. ఆవిడ చెప్పింది. నేను రాశాను.