వ్యాసం కింద రెండు లైన్లు

కాంతం ధనశ్రీ బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి పేపర్ కటింగు. రెండోది విజిటింగ్ కార్డు.

"ఈ రెండూ ఒకాయనవేనా అమ్మా? నాకు సదువు తక్కువ. మనిషి మొహం మాత్రం మర్సిపోను."

ధనశ్రీ కటింగు చూసింది. అది తన పేజీయే. 'ఉత్తర కెరటం' దినపత్రిక విశాఖ ఆఫీసులో ఎడిట్ పేజీ, వెబ్‌సైటు రెండూ ఆమే చూస్తుంది. శ్రీరామ్మూర్తి గారి ఆదివారం వ్యాసం, పక్కన ఆయన నవ్వు మొహం, అడుగున సన్న అక్షరాల్లో ఆయన ఎవరో చెప్పే రెండు లైన్లు. 'ముప్పై ఏళ్లు ఓడరేవు భద్రతా విభాగంలో పనిచేశారు. కార్మిక భద్రతపై స్వతంత్రంగా రాస్తున్నారు.'

కార్డు మీద అదే పేరు. కింద, 'భద్రతా సలహాదారు, సాగరదీప్ కార్గో'.

"ఈ కార్డు నీకెక్కడిది?"

"మా ఆయన పోయిన మూడో నాడు కంపెనీ ఓలతో మా ఇంటికొచ్చాడు. ఆపిల్ పళ్ల సంచీ తెచ్చి ఫొటో ముందర పెట్టాడు. నీ మొగుడు ఎవరూ సెప్పకుండా తనంతట తానే ఓడలోకి దిగాడని ఈ కాగితం మీద సంతకం పెట్టీ అన్నాడు. నాను పెట్టనన్నాను."

ధనశ్రీకి అప్పుడు అర్థమైంది. ఈమె వీర్రాజు భార్య. ఈ నెల నాలుగో తేదీ మధ్యాహ్నం బొగ్గు ఓడ అడుగున ఊపిరాడక చనిపోయిన సబ్బవరం కూలీ వీర్రాజు. మూసి ఉన్న బొగ్గు గదిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. ముందు గాలి పరీక్ష చేసి చీటీ ఇస్తేనే మనిషిని దింపాలి. చీటీ కోసం ఆగకుండా దిగే కూలీల తొందరపాటే ప్రాణాలు తీస్తోందని శ్రీరామ్మూర్తి గారు ఆదివారం రాశారు.

"రేపు పదకొండింటికి లేబరాఫీసులో ఇచారణ," అంది కాంతం. "కంపెనీ వకీలు ఈ పేపర్ ముక్క ఇచ్చాడంట. ఏ పక్కా లేని పెద్దమనిషి రాశాడు, తప్పు సచ్చినోడిదే అని. యూనియన్ బావ సదివి సెప్పాడు. ఏటమ్మా, ఏ పక్కా లేనోడు మా ఇంటికి సంతకానికెందుకొచ్చాడు?"

ధనశ్రీ ఆమెను కూర్చోబెట్టి మెయిల్ తెరిచింది.

ఏడాది కిందట సలహాదారు ఉద్యోగం రాగానే ఈ పెద్దమనిషే మూడుసార్లు ఫోన్ చేశాడు, "అమ్మా, వ్యాసం కింద కంపెనీ పేరు కూడా పడాలి" అని. పడింది. యాభై వారాలు పడింది. తర్వాత ఓ రోజు చిన్న మెయిల్. 'సాగరదీప్ పేరు తీసేయగలరు. ఆ పని మానుకున్నాను.' ఆమె ఒక్క మాట అడక్కుండా తీసేసింది.

మెయిల్ వచ్చిన తేదీ చూసింది. నాలుగు. సాయంత్రం అయిదూ నలభై.

వీర్రాజును పైకి తీసింది మూడింటికి. పత్రికకు వార్త అందింది రాత్రి ఎనిమిదింటికి. శవం ఇంకా ఇల్లు చేరకముందే ఈయన కూర్చుని తన పేరు కడుక్కున్నాడు.

ఆమెకు రోత పుట్టింది. ఆయన మీద కంటే తన మీద ఎక్కువ. కంపెనీ పేరు తీసేశాక రెండో లైను ఖాళీ అయింది. అడుగున రెండు లైన్లు నిండుగా ఉండాలన్నది పేజీ పద్ధతి. ఏదో ఒకటి పెట్టాలి కదా అని 'స్వతంత్రంగా' అని రాసింది ఆయన కాదు. తానే. రాయడానికి అర నిమిషం కూడా పట్టలేదు. వకీలు పట్టుకున్నది ఆ మాటనే.

వెబ్‌సైటు తెరిస్తే ఇంకా రోత. అక్కడ రచయిత పరిచయం ఒక్కచోటే ఉంటుంది. అది మారిస్తే పాత వ్యాసాలన్నిటి కిందా మారిపోతుంది. ఏడాదిగా కంపెనీ జీతం తింటూ రాసిన యాభై వ్యాసాల కింద ఇప్పుడు 'స్వతంత్రంగా' అని మెరుస్తోంది.

ఎడిటర్ మోహనకృష్ణ గదిలోకి వెళ్లి అంతా చెప్పింది. భీమవరం మనిషి, ఎవరినీ నొప్పించడు.

"సవరణ వేద్దాం సార్. రేపటి పేజీలోనే."

"కంగారెందుకండీ? విచారణ అయ్యాక చూద్దాం. అయినా ఆ రెండు లైన్లు ఎవరు చదువుతారండీ?"

"వకీలు చదివాడు సార్."

ఆయన కాఫీ మీద కట్టిన మీగడను చెంచాతో పక్కకు తీసి సాసర్లో పెట్టాడు. "శ్రీరామ్మూర్తి గారు పెద్దాయన. ఇన్నేళ్లుగా రాస్తున్నారు. మనమే ఆయన్ని బజారుకీడిస్తే ఏం బావుంటుంది చెప్పండి?"

ధనశ్రీ ఆ మీగడ వైపు ఇంకోసారి చూడలేకపోయింది.

మెట్లు దిగి లైబ్రరీకి వెళ్లింది. తెరమీద మార్చవచ్చు. అచ్చయిన కాగితాన్ని ఏ మెయిలూ మార్చలేదు. పాత సంచికలు అడిగిన పాఠకుడెవరికైనా ఇస్తారు. నాలుగో తేదీకి ముందు ఆదివారాలవి మూడు తీసుకుంది. మూడింటిలోనూ వ్యాసం కింద కంపెనీ పేరు నల్లగా, స్పష్టంగా ఉంది.

తర్వాత ఒక తెల్లకాగితం తీసి రాసింది. 'నాలుగో తేదీ సాయంత్రం అయిదూ నలభైకి వచ్చిన వ్యాసకర్త కోరికపై సంస్థ పేరు తీసేశాను. స్వతంత్రంగా అన్న మాట ఆయన ఇచ్చింది కాదు. విచారించకుండా నేను రాసింది.' సంతకం, ఫోన్ నంబరు వేసి, సంచికలతో కలిపి కాంతం చేతికిచ్చింది.

"ఇది ఇచ్చినందుకు నీకేటైనా అవుద్దేమో అమ్మా," అంది కాంతం.

"అవుతుంది. తీసుకెళ్లు."

మర్నాడు మధ్యాహ్నం కాంతం నుంచి ఫోన్ వచ్చింది. వెనక ఆటోల మోత.

"అధికారి పేపర్లన్నీ పక్కపక్కన పెట్టి సదివాడమ్మా. ఆ వ్యాసం లెక్కలోకి రాదన్నాడు. గాలి సీటీల పుస్తకం తెమ్మన్నాడు. తెచ్చారు. నాలుగో తారీకు సీటీ లేదు. రాసిందే లేదంట. లేని సీటీ కోసం మా ఆయన ఎంతసేపు ఆగాల? మేస్త్రీ కూడా ఒప్పీసుకున్నాడు, నానే దింపాను అని. తప్పు ఆయనది కాదని రాసుకున్నారు. ఇచారణ ఇంకా ఉందంట."

ఆ సాయంత్రమే ధనశ్రీకి మెమో అందింది. ఆఫీసు సమాచారం బయటకు ఇచ్చినందుకు సంజాయిషీ.

శుక్రవారం శ్రీరామ్మూర్తి గారి వ్యాసం ఎప్పటిలాగే టైముకు వచ్చింది. ఎండల్లో కూలీలు తాగాల్సిన మజ్జిగ గురించి. చివర ఒక మాట, 'పరిచయం పాతదే ఉంచగలరు'. పైన మోహనకృష్ణ పెట్టిన ఓకే. ధనశ్రీ రెండుసార్లు చదివింది. సిగ్గు అనేది ఎక్కడైనా కనిపిస్తుందేమోనని.

పరిచయం మారిస్తే వ్యాసకర్తకు చూపించాలన్నది ఆఫీసు నియమం. ఆమె నియమం తప్పలేదు. రెండు లైన్లు రాసి ఆయనకు పంపింది, ఎడిటర్‌కు కాపీ పెట్టింది.

'సాగరదీప్ కార్గో సంస్థకు భద్రతా సలహాదారు. ఆ సంస్థ పనిలో కార్మికుడు వీర్రాజు మరణంపై విచారణ జరుగుతోంది.'

అయిదు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ఏంటమ్మా ఈ రాతలు? నా వయసుకైనా మర్యాద లేదా?"

"ఇందులో అబద్ధం ఏదో చెప్పండి సార్, తీసేస్తాను."

ధనశ్రీ ఆయన పాత మెయిల్ తెరిచింది.

"మానుకున్నానని రాశారు. మూడో నాడు వాళ్ల కార్డు పట్టుకుని ఆవిడ ఇంటికెళ్లారు. మానుకున్న కాగితం ఏదైనా ఉంటే పంపండి. అదీ వేస్తాను."

"చిన్నపిల్లవి, నీకు తెలీదు. నాలుగు చోట్ల సర్దుకుంటేనే..."

"ఆపిల్ పళ్లు ఎంతకి కొన్నారు సార్?"

ఫోన్ కట్ అయింది. పది నిమిషాలకు మెయిల్. 'ఈ వారం నా వ్యాసం ఆపగలరు.'

మోహనకృష్ణ గది తలుపు తీసి నిలబడ్డాడు. "పేజీలో అంత జాగా ఖాళీ అయిందండీ. ఇప్పుడేం వేస్తారు?"

"సవరణ సార్," అంది ధనశ్రీ. "రెండు లైన్లు కాదు. జాగా అంతా పడుతుంది."

ఆయన కాదనలేదు. తలుపు మాత్రం చప్పుడు కాకుండా వేసుకున్నాడు.