మిగిలిన ఒక్కసారి

అమావాస్య నాడు బాలనర్సింహ పని ముట్టడు. శాలిబండలో, రాగి గిన్నెలకు తగరం పూత వేసే ఆయన కలాయి కొట్టు షట్టరు ఆ రోజు దించే ఉంటుంది. పెళ్ళి వంటల వాళ్ళు రాగి డేగిశాలు పట్టుకొచ్చి పైన ఇంటి తలుపు కొడితే, కిటికీలోంచి తొంగి చూసి, రేపు రమ్మని ఒకే మాట అంటాడు.

"అమావాస్య భాయ్. కల్ ఆవ్."

జనవరిలో ఆ ఉదయం కూడా అదే మాట అన్నాడు. లోపలి గదిలో కూర్చున్న కూతురు రూపకు అది వినపడింది. ఆమె ముందు లాప్‌టాప్ ఉంది. తెర మీద మే నెల పరీక్షకు పేరు నమోదు చేసుకునే పేజీ ఉంది. పక్కన అన్న ప్రేమ్‌రాజ్ ఫీజు కట్టడానికి తన కార్డు పట్టుకుని నిల్చున్నాడు.

"ఏందే, గట్ల చూస్తున్నవ్? నంబర్ చెప్పాల్నా?"

"జర ఆగన్నా."

"ఇయ్యాల్టితోని ఆఖరు అని నువ్వే చెప్పినవ్ గద."

రూప రాస్తున్నది సీఎఫ్ఏ. పెట్టుబడుల విశ్లేషకులు చదివే మూడు లెవెళ్ళ చదువు. ఆమె కొలువు రాయదుర్గంలో, విదేశీ కంపెనీల లెక్కలు చూసి నివేదికలు తయారుచేసే సంస్థలో. మొదటి లెవెల్ ఒక్కసారికే పాసయింది. రెండో లెవెల్ అయిదుసార్లు రాసింది. అయిదుసార్లూ పోయింది. ఒక లెవెల్ ఆరుసార్లకు మించి రాయనివ్వరు. ఆరోసారి కూడా పోతే ఆ లెవెల్ ఇక జన్మలో రాసేది లేదు. మూడో లెవెల్ దాకా వెళ్ళేదీ లేదు.

అయిదోసారి ఆగస్టులో రాసిన పరీక్ష ఫలితం అక్టోబరులో వచ్చింది. ఆ రోజు ఆమె మెయిల్ తెరిచి చూసి, మూసి, వెళ్ళి అన్నం తిన్నది. ఏం కూర అని తల్లి నీలమ్మ తర్వాత అడిగితే చెప్పలేకపోయింది. ఏడుపు రాలేదు. నిద్ర పట్టింది. మర్నాడు పనికి పోయింది. అప్పటి నుంచీ అట్లనే ఉంది.

అయినా పొద్దున లేచి పుస్తకం తెరుస్తూనే ఉంది. రెండో లెవెల్‌లో ఒక కంపెనీ కథ ఇచ్చి దాని మీద నాలుగు ప్రశ్నలు అడుగుతారు. పాత కథలన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. సగం చదవగానే జవాబు వేలికి వచ్చేది. కథలో ఏముందో మాత్రం తలకెక్కేది కాదు.

ఇంట్లో ఎవరూ ఆగమనలేదు. ఆ ఇంట్లో ఏ పరీక్షనైనా ప్రేమ్‌రాజ్ పరీక్షతోనే కొలుస్తారు. సర్కారు కొలువు కోసం ఏళ్ళ తరబడి చదివాడు. నోటిఫికేషన్ ఆలస్యమైంది, మళ్ళీ రద్దయింది, చివరికి వచ్చేసరికి వయసు దాటిపోయింది. ఇప్పుడు బహదూర్‌పురాలో పంపుల దుకాణంలో కూర్చుంటాడు. చెల్లెలు మొదటి లెవెల్ పాసైన రోజే చెప్పాడు. "నడుమల ఆగకు. ఆగినోడు మునిగిండు."

కోచింగ్‌లో తోటి పిల్ల ఒకతె, గ్యాప్ ఎక్కువ వస్తే పాసయిన లెవెల్ కూడా రద్దవుతుందని అన్నది. రూప ఆ మాట నిజమో కాదో చూసుకోలేదు. ఆగుదామనుకున్న మనిషి కదా చూసుకునేది. నియమాలు ఎంత తొందరగా రాయనిస్తే అంత తొందరగా మళ్ళీ రాసింది.

నిన్న సాయంత్రం మెట్రోలో డానియేలు కలిశాడు. ఆఫీసులో ఆమె కంటే పెద్దవాడు. మూడు లెవెళ్ళూ అయిపోయినవాడు. ఇద్దరూ ఎంజీబీఎస్‌లో దిగాలి.

"మేలో కడుతున్నవా?" అని అడిగాడు.

"కట్టాలె గద అన్నా. ఆలస్యం చేస్తే ఫస్ట్ లెవెల్ పోతదంట."

డానియేలు ఆమె వైపు తిరిగాడు. "ఎవ్వరు చెప్పిన్రు?"

"కోచింగ్‌ల."

"సెకండ్ అయినంక అమ్మకు పానం బాగలేక మూడేండ్లు పుస్తకం ముట్టలే నేను. వచ్చి థర్డ్ రాసిన. నన్నెవ్వరు ఏం అడగలే. పాసయింది పోదు రూపా. ఇన్నేండ్లల్ల అయిపోవాలని లేదు. వయసు లేదు. నౌకరి అనుభవం లెక్క వేరే, నీది ఎప్పుడో నిండింది. సిలబస్ ఏటా కొంచెం మారుతది, కొత్త పుస్తకాలు సదువుకోవాలె. అంతే. ఆరుసార్లు అన్నది ఒక్కటే నిజం. గవి ఒక్కటే అయిపోయేటివి."

డానియేలే మళ్ళీ అడిగాడు.

"అయిదుసార్ల రిజల్టు గీతలు పక్కపక్కన పెట్టి చూసినవా ఎన్నడన్న?"

"లేదు."

"రోజంత కంపెనీలయి అట్లనే పెట్టి చూస్తవ్. నీది చూసుకోలేదా?" అని నవ్వాడు. "ఏం అనలిస్టువే నువ్వు!"

రాత్రి ఇంటికొచ్చాక ముందు నియమాల పేజీ చదివింది. డానియేలు చెప్పినట్టే ఉంది. తర్వాత ఫలితాలు తెరిచింది. ప్రతి ఫలితంలో పాసు గీత ఒకటి ఉంటుంది, అభ్యర్థి మార్కు దానికి పైనో కిందో కనిపిస్తుంది. మొదటిసారి కింద. రెండోసారి కొంచెం దగ్గర. మూడోసారి గీతను ఆనుకుని, ఇంచుమించు అంటినట్టే. నాలుగోసారి మళ్ళీ కిందికి జారింది. అయిదోసారి మొదటిసారి కంటే కింద. మూడోసారి తర్వాత ఆమె ఇంకా ఎక్కువ గంటలు చదివింది. ఆదివారాలు కూడా చదివింది.

వేరే ఎవరి కంపెనీ అయినా అయితే ఆ గీతలు చూసి ఏం రాసేదో ఆమెకు తెలుసు. ఒక్క వాక్యం సరిపోయేది: ఇప్పుడు ఇంకా పెట్టడం దండగ, ఆగాలి.

ఇప్పుడు ప్రేమ్‌రాజ్ కార్డు వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

"చెప్పాల్నా నంబర్?"

"వద్దన్నా. మేలో రాయ."

"మజాక్ చేస్తున్నవా?"

"లేదు."

"మరెప్పుడు?"

"వచ్చే ఏడాది. లేకపోతే ఆ పై ఏడాది. ముందుగాల కొన్ని నెలలు ఏం సదవ. తర్వాత ఇంట్ల మాక్ పరీక్షలు రాస్త. గీత దాటుతున్న అని కనిపించినప్పుడు కడత."

"ఏజ్ ఏమైతది?"

"దీనికి ఏజ్ లేదు."

"ఏజ్ లేని పరీక్ష ఉంటదా?"

"ఉంటదన్నా. ఆరుసార్లే లెక్క. అయిదు కర్సయినయ్. ఈ ఒక్కటి ఇప్పుడు రాస్తే గది కూడ పోతది. నాకు సదివింది ఎక్కుతలేదు. నెలల సంది ఎక్కుతలేదు."

ఆ చివరి మాట అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఆమె. చెప్పాక కూడా ఏమీ అనిపించలేదు.

ప్రేమ్‌రాజ్ మంచం అంచున కూర్చున్నాడు. "ఆగినోడు మళ్ళ లేవడే. నన్ను చూస్తలేవా?"

"నువ్వు ఆగలే. నిన్ను ఆపిన్రు."

అతను కార్డు జేబులో పెట్టుకున్నాడు. తెర వైపు వంగి, "వయసు లేదని ఎక్కడుంది, సూపియ్యి" అన్నాడు. రూప నియమాల పేజీ తెరిచి చూపించింది. ఎక్కడ వెతికినా వయసు అనే మాట లేదు. అతను రెండుసార్లు పైనుంచి కిందికి జరిపి చూశాడు. "లేదు" అన్నాడు, తనకు తానే.

నీలమ్మ గుమ్మంలోకొచ్చింది. "ఏం లొల్లి? కట్టిన్రా?"

"కట్టలేమ్మా" అన్నాడు ప్రేమ్‌రాజ్. "ఈసారి ఇడిసిపెట్టింది. కావాల్ననే ఇడిసిపెట్టింది. నువ్వేం అడగకు."

"నేనేం అడిగిన్రా? పప్పుల పులుపు ఎక్కువైంది, తింటరా అని అడగనీకొచ్చిన."

మర్నాడు గడువు దాటిపోయింది. ఆ సాయంత్రం రూప మెట్రో దిగి, షేర్ ఆటోలో శాలిబండ చేరింది. కింద కొట్టు తెరిచి ఉంది. బాలనర్సింహ నిన్న వెనక్కి పంపిన డేగిశాకు పొయ్యి మీద తగరం పూస్తున్నాడు. తగరం అంటుకోవడానికి చల్లే నవాసాగరం పొగ వీధిలోకి వస్తోంది. పుస్తకానికి పొగ పడుతుందని ఏళ్ళుగా ఆమె ఆ వేళకు అక్కడ నిలబడకుండా పైకి వెళ్ళిపోయేది.

"సదువుకోవా?" అన్నాడు తండ్రి తల ఎత్తకుండా.

"లేదు బాపు."

"అట్లయితే ఆ గుడ్డ అందుకో."

ఆమె బ్యాగు స్టూలు మీద పెట్టి గుడ్డ అందించింది. బ్యాగులో ఈసారి పుస్తకం లేదు. తనలో సంతోషం ఉందా అని చూసుకుంది, బాధ ఉందా అని చూసుకుంది. రెండూ కనపడలేదు. ఆరో అవకాశం మాత్రం ఇంకా ఉంది.

పొగకు దగ్గు వచ్చింది. అయినా నిలబడింది.